నాన్నగారు పోయాక అద్దె ఇంటి ఓనరుకి రాయాల్సిన ఉత్తరం

ఊరికి దూరంగా ఉంటున్నవాళ్లు తరచూ అడిగే సందేహం: గుంటూరులో అద్దె ఇంట్లో ఉంటున్న నాన్నగారు పోయారు, అగ్రిమెంటు ఆయన పేరు మీదే ఉంది, మనకేమో పెద్దకర్మ అవగానే తిరుగు ఫ్లైట్. ఓనరుకి ఫోన్లో చెప్పేశాం కదా, సరిపోదా?

సరిపోదు. మాట మీద నడిచింది ఆయనకీ నాన్నగారికీ మధ్య. అడ్వాన్సు వెనక్కి ఇచ్చేటప్పుడు ఓనరుకి వచ్చే టెన్షన్ వేరు: రేపు ఇంకో కొడుకో కూతురో వచ్చి నాకేదీ అంటే? అందుకే ఉత్తరం అమ్మగారి పేరున రాయించండి, కింద పిల్లలందరూ సంతకాలు చేయండి. రాలేనివాళ్లు సంతకం పెట్టి స్కాన్ పంపినా చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. మరణ ధ్రువపత్రం నకలు జత చేయండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి కాబట్టి ఆ పని ముందే చూసుకోండి.

ఉదాహరణకి బ్రాడీపేటలో ఇల్లు, అద్దె 15,000, అడ్వాన్సు 45,000, నాన్నగారు మార్చి 4న పోయారనుకుందాం. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"అయ్యా, మీ ఇంట్లో అద్దెకున్న మా వారు మార్చి 4న కాలం చేశారు. ఈ నెల 31న ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగిస్తాం. ఆ రోజు మీటరు రీడింగు ఇద్దరం చూసుకుందాం. మార్చి అద్దె, కరెంటు బిల్లు పోను మిగిలిన అడ్వాన్సు నా ఖాతాలో వేయగలరు. ఇందుకు మా పిల్లలందరికీ అంగీకారమే."

కరెంటు 1,850 అయితే రావాల్సింది 28,150. రంగులకి పట్టుకుంటామని అగ్రిమెంటులో ఉంటే అదీ పోతుంది. నాన్నగారి ఖాతాలో మాత్రం వేయించకండి. ఆయన ఒక్కరి పేరున ఉన్న ఖాతాని బ్యాంకుకి తెలిసిన రోజునే ఆపేస్తారు. అందులో పడ్డ డబ్బు క్లెయిమ్ తేలేదాకా చేతికి రాదు.

అసలు పేచీ నక్షత్రం దగ్గర వస్తుంది. ధనిష్ఠా పంచకంలో పోయారు, ఇల్లు కొన్ని నెలలు మూయాలి, ఆ అద్దె మీరే కట్టాలి అనే ఓనర్లు ఉన్నారు. నమ్మకాన్ని కాదనక్కర్లేదు, వాదించనూ వద్దు. కానీ తాళాలు తీసుకున్న తర్వాత ఇల్లు మూసి ఉంచడం ఆయన ఇష్టం. తాళాలు అందినట్టు, అద్దె ఆ రోజుతో ఆగినట్టు ఉత్తరం నకలు మీదే ఆయన చేత సంతకం పెట్టించుకోండి. మరీ పట్టుబడితే పెద్దమనుషుల్లో కూర్చుని ఒక నెల అద్దెతో తేల్చుకోవడం మేలని నా అభిప్రాయం, అమ్మగారిని ఆ తగువులో వదిలి విమానం ఎక్కేకంటే.

సామాను తీసే ముందు బీరువా, పాత సూట్‌కేసులు, దేవుడి గూడు కింద సొరుగు కూడా వెతకండి. అడ్వాన్సు రసీదు, పెన్షన్ కాగితాలు, లాకరు తాళంచెవి అక్కడే ఉంటాయి. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించండి. బ్యాంకు, పెన్షన్ ఉత్తరాలు ఇంకొన్నాళ్లు పాత చిరునామాకే వస్తాయి కాబట్టి, అమ్మగారి కొత్త చిరునామా పోస్టాఫీసులో రాసిచ్చి రండి.