ప్లీహం తీసేశాక పాత రక్తకణాలు ఏమవుతాయి?

ప్రశ్న: నా వయసు 34. ఆరు వారాల క్రితం బైక్ ప్రమాదంలో ప్లీహం చిట్లితే ఎమర్జెన్సీగా ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 6.8 లక్షలు ఉన్నాయి. ‘హోవెల్ జాలీ బాడీస్ కనిపించాయి’ అని కూడా రాశారు. ప్లీహం లేకపోతే పాత రక్తకణాలు ఒంట్లోనే పేరుకుపోతాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పేరుకుపోవు. పాత కణాలను మింగేసే మాక్రోఫేజ్ కణాలు ఒక్క ప్లీహంలోనే లేవు. కాలేయంలో, ఎముక మజ్జలో కూడా ఉన్నాయి. ప్లీహం ఉన్నప్పుడు కూడా అవి ఈ పనిలో కొంత పంచుకుంటూనే ఉంటాయి, ఇప్పుడు మిగతాది కూడా అందుకుంటాయి. అయితే ప్లీహం చేసే పనుల్లో ఒకటి మాత్రం వాటి వల్ల కాదు. మీ రిపోర్టులోని ఆ వింత పేరుకు కారణం అదే.

ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. దాని వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు. ప్లీహంలోకి వచ్చిన రక్తంలో కొంత భాగం మామూలు రక్తనాళాల దారి వదిలి, మెత్తని స్పాంజిలాంటి కణజాలంలోకి వెళ్తుంది. అక్కడినుంచి మళ్లీ రక్తనాళంలోకి రావాలంటే, గోడలో ఒకటి రెండు మైక్రాన్లకు మించని సన్నని చీలికల గుండా దూరి రావాలి. వయసులో ఉన్న కణం మెత్తగా ఉంటుంది కాబట్టి సాగి, నలిగి, అవతలకు జారిపోతుంది. ముసలి కణం అప్పటికే పైపొర కొంత పోగొట్టుకుని బిరుసెక్కి ఉంటుంది. అది దూరలేక ఇవతలే చిక్కుకుపోతుంది. పక్కనే కాచుకుని ఉన్న మాక్రోఫేజ్‌లు దాన్ని మింగేస్తాయి. అందులోని ఇనుము కొత్త కణాల తయారీకి మజ్జకు తిరిగి వెళ్తుంది. మిగిలిన రంగు పదార్థం బిలిరుబిన్‌గా మారి, కాలేయం ద్వారా పైత్యరసంలో కలిసి బయటికి పోతుంది.

ఆ చీలికల దగ్గర ఇంకో పని కూడా జరుగుతుంది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది అదే. కొన్ని కణాలు మజ్జలో తయారయ్యేటప్పుడు కేంద్రకం ముక్క ఒకటి లోపలే మిగిలిపోతుంది. చీలిక దాటేటప్పుడు కణం ముందుకు సాగిపోతుంది, గట్టిగా ఉన్న ఆ ముక్క మాత్రం వెనక చిక్కుకుని ఊడిపోతుంది. కాయ పాడవకుండా గింజ తీసేసినట్టన్నమాట. కాలేయంలో ఇలాంటి చీలికలు లేవు. అందుకే అది ముసలి కణాన్ని మింగగలదు గానీ మంచి కణాన్ని శుభ్రం చేసి వదలలేదు. మీ స్లైడులో ఎర్ర కణాల్లో ఊదారంగు చుక్కల్లా కనిపించినవి ఆ ముక్కలే, వాటినే హోవెల్ జాలీ బాడీస్ అంటారు. వాటివల్ల హాని లేదు. ప్లీహం లేదని చెప్పే గుర్తు, అంతే.

ప్లేట్‌లెట్లలో మూడో వంతు మామూలుగా ప్లీహంలోనే నిలవ ఉంటాయి. ఆ నిలవచోటు పోయింది కాబట్టి అవన్నీ రక్తంలోనే తిరుగుతున్నాయి. ఆపరేషన్ తర్వాత రెండు మూడు వారాల్లో బాగా పెరిగి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతాయి. ఆరో వారంలో 6.8 లక్షలు నాకు వింతగా అనిపించడం లేదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. ఈలోగా ఆగకుండా కడుపునొప్పి వచ్చినా, ఒక కాలు వాచినా రక్తం గడ్డ కట్టిందేమో వెంటనే చూడాలి. ఆస్పిరిన్ మాత్రం మీ సర్జన్ చెప్పకుండా మొదలుపెట్టకండి.

మీరు అడగని విషయమే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిమోఫిలస్ లాంటి బ్యాక్టీరియా చుట్టూ జారుడు తొడుగు ఉంటుంది. వాటిమీద యాంటీబాడీలు అంటుకుంటే తప్ప కాలేయం సరిగా పట్టుకోలేదు. ప్లీహం అలా అంటుకోకముందే పట్టుకుని, వాటికి కావలసిన యాంటీబాడీలను కూడా త్వరగా తయారుచేయిస్తుంది. అది లేనివాళ్లలో ఉదయం మామూలు జ్వరంలా మొదలైనది సాయంత్రానికి బీపీ పడిపోయే స్థితికి చేరవచ్చు. ఇది అరుదే. కానీ వస్తే గంటల్లో ముదురుతుంది, ఆ ముప్పు జీవితాంతం ఉంటుంది.

అందుకే ఈ మూడు బ్యాక్టీరియాకూ టీకాలు పడ్డాయో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూడండి. ఎమర్జెన్సీ ఆపరేషన్‌లో సాధారణంగా రెండు వారాలు దాటాక వేస్తారు. మీకు ఆరు వారాలు అయ్యాయి కాబట్టి వేయకపోతే ఇక ఆలస్యం వద్దు. ఏటా ఫ్లూ టీకా కూడా వేయించుకోండి. ఇంట్లో ఉంచుకోవడానికి యాంటీబయాటిక్ రాసివ్వమని మీ డాక్టర్‌ని అడగండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, వణుకు వచ్చినా మొదటి డోసు వేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. కుక్క కరిచినా ఇదే పద్ధతి, ఎందుకంటే కుక్క లాలాజలంలోని ఒక బ్యాక్టీరియా ప్లీహం లేనివాళ్ల మీద తీవ్రంగా విరుచుకుపడుతుంది. మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్లే ముందు నివారణ మాత్రల గురించి అడగండి. ఎక్కడ వైద్యం చేయించుకున్నా ‘నాకు ప్లీహం లేదు’ అనే మాట ముందుగా చెప్పండి. చెప్పలేని స్థితి కూడా రావచ్చు కాబట్టి అదే రాసిన కార్డు ఒకటి పర్సులో పెట్టుకోండి.