వడ్డీ లేని నాలుగు వాయిదాలు, రెండు బౌన్సులు

ప్రశ్న: ఒకటో తేదీన, జీతం పడిన రోజే, ఆన్‌లైన్‌లో 12,000 విలువైన ఫర్నిచర్ కొన్నాను. డబ్బు కట్టే పేజీలో ‘ఇప్పుడు కొనండి, తర్వాత చెల్లించండి’ అని కనిపిస్తే దాన్నే ఎంచుకున్నాను. వడ్డీ లేదు. రెండు వారాలకొకటి చొప్పున నాలుగు వాయిదాలు, బ్యాంకు ఖాతా నుంచి ఆటో డెబిట్. మూడో వాయిదా నాటికి ఖాతాలో డబ్బు చాలలేదు. నాలుగు రోజులు ఆలస్యంగా 150 రుసుముతో కలిపి కట్టేశాను. ఇప్పుడు బాకీ లేదు. మూడు నెలల్లో గృహరుణానికి దరఖాస్తు చేయబోతున్నాం. ఆ ఆలస్యం బ్యాంకుకు కనిపిస్తుందా? అసలు వడ్డీ తీసుకోని కంపెనీకి లాభమేమిటి?

జవాబు: కనిపిస్తుంది. అయితే అందరూ భయపడే క్రెడిట్ రిపోర్టులో కన్నా మీ బ్యాంకు స్టేట్‌మెంటులో స్పష్టంగా కనిపిస్తుంది. ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం. కంపెనీ డబ్బు ఎక్కడ సంపాదిస్తుందో తెలిస్తే, ఒక్క వాయిదా తప్పగానే అంత హడావుడి ఎందుకు చేస్తుందో అర్థమవుతుంది.

మీరు కొన్న 12,000 దుకాణానికి పూర్తిగా చేరలేదు. వాయిదా కంపెనీ దుకాణం నుంచి రుసుము పట్టుకుంటుంది. ఇది సాధారణంగా కార్డు చెల్లింపుకు దుకాణాలు ఇచ్చేదానికన్నా ఎక్కువే ఉంటుంది. ఐదు శాతం అనుకుందాం. కంపెనీ 600 మినహాయించుకుని, మిగతా 11,400 కొద్ది రోజుల్లోనే దుకాణానికి ఇచ్చేస్తుంది. మీరు ఎప్పుడు కడతారన్నది ఇక దుకాణానికి సంబంధం లేని విషయం. కొనుగోలు మధ్యలో వదిలేసి వెళ్లేవారు తగ్గుతారనీ, కొనేవారు కాస్త ఎక్కువ కొంటారనీ లెక్కవేసుకునే దుకాణం ఆ 600కి ఒప్పుకుంటుంది.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. కొన్న రోజే మీ దగ్గర 3,000 వసూలు చేసుకుంది. అంటే దాని చేతి నుంచి నిజంగా బయటికి వెళ్లింది 8,400. రెండు వారాలకు అది 5,400కు, ఆపై రెండు వారాలకు 2,400కు తగ్గుతుంది. చివరి వాయిదాతో లెక్క తీరి, పైన 600 మిగులుతుంది. సగటున 5,400 పెట్టుబడిపై ఆరు వారాల్లో 600 అంటే 11 శాతం. దీన్నే ఏడాదికి సాగదీసి లెక్కిస్తే 96 శాతం దాటుతుంది. ఇందులోంచి ఖర్చులు, ఎగవేతలు పోవాలి, నిజమే. అయినా ‘వడ్డీ లేదు’ అన్న మాటకు అర్థం వడ్డీని మీరు నేరుగా కట్టడం లేదని మాత్రమే. దుకాణం కడుతోంది. దాన్ని ధరల్లో ఎంతవరకు సర్దుకుంటుందన్నది దుకాణం ఇష్టం.

ఇదే లెక్కకు ఇంకో వైపు ఉంది. మొదటి వాయిదా కట్టి మిగతాది ఎగ్గొట్టే ఒక్క కొనుగోలుదారు వల్ల కంపెనీకి 8,400 నష్టం. దాన్ని పూడ్చుకోవడానికి సక్రమంగా తీరిన మరో 14 కొనుగోళ్ల రుసుము కావాలి. అందుకే మొదటి వాయిదాను కొన్నప్పుడే తీసుకుంటారు. ఒక డెబిట్ తిరిగి రాగానే వెంటనే మళ్లీ ప్రయత్నిస్తారు, కొత్త కొనుగోళ్లకు అనుమతి ఆపేస్తారు. మీరు కట్టిన 150 వారి ప్రధాన ఆదాయమేమీ కాదు, కానీ అది మీ జేబులోంచి పోయింది.

ఇక మీ మూడో వాయిదా. మీరు ఒకటిన కొన్నారు కాబట్టి తర్వాతి వాయిదాలు 15న, 29న, మరుసటి నెల 12న లేదా 13న వచ్చి ఉంటాయి. జీతం నెలకొకసారి వస్తుంది, వాయిదా పద్నాలుగు రోజులకొకసారి వస్తుంది. ఈ రెండూ కలిసి నడవవు. జీతం రోజున కొంటే క్షేమమనుకుంటారు గానీ, అలా కొన్నవారికే మూడో వాయిదా నెలాఖరులో, ఖాతా అడుగంటిన వేళ వచ్చి పడుతుంది.

స్టేట్‌మెంటు తెరిచి 29వ తేదీ దగ్గర చూడండి. 3,000 డెబిట్ అయినట్టు ఒక వరుస, అదే మొత్తం తిరిగి జమ అయినట్టు ఇంకో వరుస ఉంటాయి. పక్కన `INSUFFICIENT FUNDS` వంటి కారణం, కింద మీ బ్యాంకు వేసుకున్న బౌన్స్ రుసుము ఉంటాయి. మర్నాడు కంపెనీ మళ్లీ ప్రయత్నించి ఉంటే ఇదే మరోసారి కనిపిస్తుంది. ఆ తర్వాత మీరు స్వయంగా కట్టిన 3,150. అంటే జరిగిన ఆలస్యం ఒక్కటే అయినా, కాగితం మీద బౌన్సులు రెండు కావచ్చు. రుణ దరఖాస్తు చూసే అధికారి లెక్కపెట్టేది బౌన్సులనే. మిగతా చోట్ల 3,000గా ఉన్నది ఒక్కచోట 3,150 అయిందంటే ఆలస్య రుసుము పడిందని అనుభవమున్న కన్ను ఇట్టే పట్టేస్తుంది.

వాయిదాకు డెబిట్ కార్డు జతచేసి ఉంటే కథ వేరుగా ఉండేది. నిల్వ చాలనప్పుడు కార్డు చెల్లింపు అసలు మొదలవకుండానే ఆగిపోతుంది. కార్డు వ్యవస్థలో తిరస్కరణ కోడ్ 51 నమోదవుతుంది, కంపెనీకి తెలుస్తుంది. మీ స్టేట్‌మెంటులో మాత్రం సాధారణంగా ఆ వరుసే ఉండదు.

స్టేట్‌మెంటు చెప్పనిది కూడా ఒకటుంది. అందులో దుకాణం పేరు ఉండదు, వాయిదా కంపెనీ పేరే ఉంటుంది. మొత్తం బాకీ ఎంతో, ఇంకెన్ని వాయిదాలున్నాయో ఉండదు. కాబట్టి అధికారి అంచనా వేస్తారు: ఒకే పేరుతో, ఒకే మొత్తం, పద్నాలుగు రోజుల ఎడంతో పోతుంటే అది వాయిదా అని. అలాంటి కంపెనీల పేర్లు రెండు మూడు కనిపిస్తే బాకీ తీరిపోయిందని మీరు నిరూపించుకోవాల్సి వస్తుంది.

ఇక మన రుణాల చరిత్రను నమోదుచేసి క్రెడిట్ రిపోర్టు ఇచ్చే క్రెడిట్ బ్యూరో సంగతి. చాలా చోట్ల రుణదాతలు బ్యూరోకు బకాయిగా తెలిపేది 30 రోజులు దాటిన ఆలస్యాన్నే. నాలుగు రోజులది అక్కడ మచ్చగా కనిపించే అవకాశం తక్కువ. అయితే ఇలాంటి చిన్న వాయిదా రుణాలు బ్యూరోకు అసలు చేరవన్న పాత ధీమా ఇక పనికిరాదు. అమెరికాలో అఫర్మ్ సంస్థ 2025 ఏప్రిల్ నుంచి తన వాయిదా రుణాలన్నిటి వివరాలను ఎక్స్‌పీరియన్ అనే క్రెడిట్ బ్యూరోకు పంపడం మొదలుపెట్టింది. అదే ఏడాది, క్రెడిట్ స్కోర్ల పద్ధతిని రూపొందించే ఫైకో సంస్థ వీటిని కూడా లెక్కలోకి తీసుకునే స్కోర్లను ప్రకటించింది. మీ కంపెనీ నివేదిస్తుందో లేదో ఒప్పందంలోనే రాసి ఉంటుంది, చదవండి.

దరఖాస్తుకు ముందు మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి. ఈ రుణం అందులో ఉంటే బాకీ సున్నా అని, ఖాతా ముగిసిందని ఉందో లేదో చూడండి. అలా లేకపోతే కంపెనీ నుంచి ముగింపు పత్రం తీసుకుని బ్యూరోకు అభ్యంతరం పంపండి. ఆటో డెబిట్ అనుమతిని రద్దు చేయండి. రుణం మంజూరయ్యేదాకా కొత్త వాయిదా కొనుగోలు వద్దు, ఎంత చిన్నదైనా సరే. బ్యాంకులు సాధారణంగా గత కొన్ని నెలల స్టేట్‌మెంట్లు అడుగుతాయి. వీలైతే దరఖాస్తును మరో రెండు మూడు నెలలు వెనక్కి జరపండి, 29వ తేదీ ఆ పరిధి దాటిపోతుంది.

జరపడం కుదరకపోతే, అధికారి అడిగేదాకా ఆగకండి. దరఖాస్తుతోపాటే ఒక చిన్న లేఖ జతచేయండి. ఏ తేదీన ఏ వాయిదా తిరిగివచ్చింది, మళ్లీ ప్రయత్నం వల్ల రెండో బౌన్సు వచ్చిందా, జీతం ఏ రోజు పడింది, బాకీ ఏ రోజు తీరింది, ఈ నాలుగూ రాసి ముగింపు పత్రం వెనక పెట్టండి. క్షమాపణలు, ఇంటి కష్టాలు రాయనక్కర్లేదు.