రాజీనామా బటన్ నొక్కకండి

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్ల నాలుగు నెలలుగా టెస్టింగ్ ఇంజినీరుని. సోమవారం హెచ్ఆర్ వాళ్లు పిలిచి, ప్రాజెక్టు మూసేస్తున్నాం, శుక్రవారంలోగా పోర్టల్‌లో రాజీనామా పెట్టండి, లేకపోతే రిలీవింగ్ లెటర్ బాగుండదు అన్నారు. నా భార్యకు ఏడో నెల. ఇంట్లో చెప్పలేక రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరుతున్నాను. రాజీనామా ఇచ్చి గౌరవంగా బయటపడమంటారా?

జవాబు: వద్దు. మీ కేసు మొత్తం ఆ బటన్ మీదే ఆధారపడి ఉంది. పని లేక కంపెనీ తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. మీరు సూపర్‌వైజర్ కాకుండా స్వయంగా టెస్టింగే చేస్తున్నట్లయితే నెల నోటీసు గానీ, ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారం ఇవ్వాలి. మీకు ఆరేళ్లకు 90 రోజులు, నోటీసుతో కలిపి దాదాపు నాలుగు నెలల జీతం. స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. బలవంతంగా రాయించారని రుజువు చేసే భారం మీ మీదే పడుతుంది. గ్రాట్యుటీ మాత్రం ఎలాగూ వస్తుంది: లెక్కకు వచ్చే జీతం 40,000 అయితే, దాన్ని 26తో భాగించి, 15తోనూ 6తోనూ హెచ్చిస్తే సుమారు 1,38,461 రూపాయలు.

సోమవారం మాటలు కాగితం మీద లేవు. నాలుగు రోజులు ఊరుకోవడం తప్పే. ఈ రోజే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి: 'సోమవారం ఫలానా గంటకు నన్ను రాజీనామా చేయమన్నారు, నాకు ఉద్దేశం లేదు, తీసేయాలనుకుంటే లిఖితపూర్వకంగా ఇవ్వండి.' దాని ప్రతి, పే స్లిప్పులు, నియామక పత్రం, అప్రైజల్ లేఖలు దాచుకోండి. క్లయింటు ఫైళ్లు, కోడ్ మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. అదే దుష్ప్రవర్తన అని మీ మీద తిప్పుతారు. ఒకవేళ ఇప్పటికే నొక్కేసి ఉంటే, ఆమోదించేలోపు వెనక్కి తీసుకుంటున్నట్లు రాయండి.

ఇంటి సంగతి. ఇవాళే భార్యకు చెప్పండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఆరోగ్య బీమా ఉంటే సాధారణంగా ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. కొత్త పాలసీలో ప్రసవానికి నిరీక్షణ కాలం ఉంటుంది. ప్రసవం దాకా బీమా కొనసాగించమని సెటిల్‌మెంట్‌లోనే రాతపూర్వకంగా అడగాలి. ఆస్పత్రి ఎంపికలో ఆమె మాట కావాలి కదా. బంధువులకు, లింక్డ్‌ఇన్‌లో మాత్రం 'సొంత కారణాలతో మానేశాను' అని రాయకండి. ఆ ఒక్క వాక్యం రేపు కంపెనీ వకీలు చేతిలో పత్రం అవుతుంది.

తీసేశాక రెండు పనిదినాల్లో బకాయి జీతం చెల్లించాలని వేతన కోడ్ చెబుతోంది. ఇవ్వకపోతే రంగారెడ్డి జిల్లా పరిధి కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, వివాదం పుట్టి రెండేళ్లు దాటితే, రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారి దాన్ని చేపట్టలేరు. 45 రోజుల్లో రాజీ కుదరకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.