మచ్చలు పోయాయి, నలుపు ఎందుకు వెలిసిపోయింది?

ప్రశ్న: నా 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్‌లో తెల్ల పేజీ తెరిస్తే కుడి అంచు మసకగా ఉండేది. మెనూలో తెరంతా ఒకే వెలుగు ఉండేలా చేసే యూనిఫార్మిటీ కాంపెన్సేషన్ ఆన్ చేశాక అది పోయింది. కానీ తెర వెలుగు తగ్గింది, సినిమాల్లో నలుపు బూడిద రంగుగా కనిపిస్తోంది. మానిటర్ పాడైందా?

జవాబు: పాడవలేదు, ఆ ఆప్షన్ పనిచేసే తీరే అంత. ఎల్‌సీడీ ప్యానెల్ సొంతంగా వెలగదు. వెనకనున్న బ్యాక్‌లైట్ నుంచి వచ్చే వెలుగులో ఎంత వదలాలో, ఎంత ఆపాలో చూడడమే దాని పని. కుడి అంచుకు అందే వెలుగే తక్కువైతే ప్యానెల్ దాన్ని పెంచలేదు. అందుకని మిగతా తెరనంతా ఆ మసక అంచు స్థాయికి దించుతారు. ఫ్యాక్టరీలో తెరను భాగాలుగా కొలిచి, ఎక్కడ ఎంత తగ్గించాలో ఒక పట్టికగా మానిటర్‌లోనే ఉంచుతారు. మీరు ఆన్ చేసింది ఆ పట్టికనే.

ఒక లెక్క చూద్దాం. తెర వెలుగును నిట్‌లలో కొలుస్తారు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే మధ్యలో 350 నిట్‌లు, కుడి అంచులో 280 వస్తున్నాయనుకోండి. ఆప్షన్ ఆన్ చేస్తే మధ్యలో కూడా 280 మాత్రమే. అంటే గరిష్ఠ వెలుగులో 20 శాతం పోయింది. కంప్యూటర్ పంపే అంకె ఎంత వెలుగుగా మారాలో చెప్పే గామా 2.2 దగ్గర ఉంటే, కంప్యూటర్ 255 అని పంపిన తెలుపును మానిటర్ మధ్యభాగంలో దాదాపు 230గా చూపిస్తుందన్నమాట.

తెలుపు తగ్గినట్టు నలుపు తగ్గదు, అసలు చిక్కు అక్కడే. పిక్సెల్ పూర్తిగా మూసుకున్నా కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది. అది ఎంత కారాలో బ్యాక్‌లైట్ నిర్ణయిస్తుంది, పట్టిక కాదు. 1000:1 కాంట్రాస్ట్ ఉన్న ప్యానెల్ 350 నిట్‌ల దగ్గర 0.35 నిట్ నలుపు ఇస్తుంది. తెలుపు 280కి దిగినా నలుపు 0.35 దగ్గరే ఉంటుంది కాబట్టి మధ్యలో కాంట్రాస్ట్ 800:1 అవుతుంది. మీరు రోజూ 120 నిట్‌ల దగ్గర పనిచేస్తారనుకుంటే, ఆప్షన్ ఆఫ్‌లో నలుపు 0.12. ఆన్‌లో అదే 120 రావాలంటే బ్యాక్‌లైట్‌ను 150కి సరిపడా పెంచాలి, నలుపు 0.15 అవుతుంది. పగటి వెలుగులో ఈ తేడా పట్టించుకోరు, చీకటి గదిలో సినిమా చూస్తే తెలుస్తుంది.

నలుపు బాగా బూడిదగా మారిందంటే ఇంకో కారణం ఉండొచ్చు. కొన్ని మానిటర్లు నలుపును కూడా సమం చేస్తాయి. ఏదో మూలలో 0.22 నిట్ కారుతుంటే, మధ్యలోని నలుపును కూడా అక్కడిదాకా లేపుతాయి. అప్పుడు 120 నిట్‌ల తెలుపుకు కాంట్రాస్ట్ 545:1 దగ్గర ఆగుతుంది. మీది ఏ రకమో తేల్చుకోవాలంటే గది చీకటి చేసి, తెర నిండా నల్ల బొమ్మ పెట్టి, బ్రైట్‌నెస్ ముట్టుకోకుండా ఆప్షన్‌ను ఆన్, ఆఫ్ చేస్తూ మధ్యభాగం చూడండి. నలుపు కదలకపోతే మొదటి నష్టమే. ఆన్ చేయగానే నలుపు లేస్తే ఆ మోడ్ నలుపును కూడా ముడుతోందన్నమాట. అయితే కొన్ని మోడళ్లు ఈ ఆప్షన్ ఆన్ చేయగానే బ్రైట్‌నెస్‌ను ఒక స్థాయిలో లాక్ చేస్తాయి. అలాంటి వాటిలో ఈ పరీక్ష నమ్మదగ్గది కాదు.

అసలు మీకు ఈ ఆప్షన్ అవసరమా అన్నది కొలిచాకే తేల్చండి. మానిటర్‌ను అరగంట వెలగనిచ్చి, తెర నిండా బూడిద రంగు పెట్టి, తెర వెలుగును, రంగును కొలిచే కలరిమీటర్‌తో మధ్యలో, అంచుల్లో కొలవండి. అది లేకపోతే ఫోన్ కెమెరాలో ఐఎస్‌ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, ఒకే దూరం నుంచి, తెరకు ఎదురుగా ఒక్కో చోటును విడిగా ఫోటో తీసి పోల్చండి. తెర మొత్తాన్ని ఒకే ఫోటోలో తీయొద్దు, లెన్స్ వల్లే మూలలు చీకటిగా పడతాయి. తల కదిపితే జరిగే తెల్లటి మెరుపు కనిపిస్తే అది ఐపీఎస్ గ్లో. చూసే కోణం వల్ల వచ్చే దాన్ని ఏ పట్టికా సరిచేయలేదు.

తేడా 10 శాతం లోపే ఉంటే నేనైతే ఆఫ్‌లోనే ఉంచమంటాను. నెమ్మదిగా మారే వెలుగును కంటికి పట్టుకోవడం కష్టం. 20 శాతం దగ్గరుండి, ప్రింట్ కోసం ఫోటోలు దిద్దే పని ఉంటే ఆన్ చేయండి, ఆ పనికి 120 నిట్‌లు చాలు. సినిమాలకు, గేమ్‌లకు ఆఫ్ చేయండి. మానిటర్‌లో రెండు ప్రీసెట్‌లు దాచుకునే వీలుంటే రోజూ మెనూ వెతుక్కోనక్కర్లేదు. కలర్ ప్రొఫైల్ మాత్రం ఒక్కో ప్రీసెట్‌కు విడిగా, ఆప్షన్‌ను కావలసిన స్థితిలో పెట్టాకే తయారు చేయండి. ఆఫ్‌లో చేసిన ప్రొఫైల్‌ను ఆన్‌లో వాడితే తెలుపు, నలుపు రెండూ దాని లెక్కకు తప్పుతాయి.