షేర్లు ఎక్కువ కొంటే ఓట్లూ ఎక్కువుంటాయా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గరి ఊరు. 380 మంది మిర్చి రైతులం ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుంటున్నాం. బైలా ముసాయిదాలో 'షేరుకో ఓటు' అని ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి నడిపే మా ఊరి రైతు ఒకాయన 5 లక్షల రూపాయల షేర్లు కొంటానంటున్నాడు. తీసుకోవచ్చా సార్? తగాదాలొస్తే చైర్మన్ మాటే ఫైనల్ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: 'షేరుకో ఓటు' అన్న వాక్యాన్ని ముందు కొట్టేయండి. మామూలు కంపెనీ కాగితాల నుంచి ఎవరో దించినట్టున్నారు. సభ్యులంతా రైతులే అయిన ఉత్పత్తిదారుల కంపెనీలో మనిషికి ఒక్కటే ఓటు. కంపెనీల చట్టం 2013లోని 378డి సెక్షన్ ఈ మాట చెబుతుంది. వెయ్యి రూపాయలు పెట్టిన రైతుకూ, 5 లక్షలు పెట్టినాయనకూ తేడా లేదు. బైలాలో వేరేలా రాసుకున్నా చెల్లదు. షేర్లు కూడా ఎవరు కంపెనీతో ఎంత వ్యాపారం చేస్తారో వీలైనంత వరకు ఆ లెక్కనే ఉండాలంటుంది చట్టం. కాబట్టి ఒక్కరు కొనగల షేర్లకు పరిమితి రాసుకోండి.

అసలు చిక్కు ఆయన అడ్తిలో ఉంది. ఆయనకు పొలం ఉండొచ్చు. కానీ కంపెనీ అమ్మే మిర్చినే ఆయన కమీషన్‌కు అమ్మిస్తుంటే అది పోటీ వ్యాపారమే. అలాంటివారు సభ్యులు కాకూడదని అదే సెక్షన్‌లో ఉంది. చేరాక అలాంటి వ్యాపారం మొదలుపెట్టినా సభ్యత్వం పోతుంది. ఎలా తొలగించాలో బైలాలోనే రాయాలి: రాతపూర్వక నోటీసు, చెప్పుకోవడానికి అవకాశం, తర్వాత బోర్డు తీర్మానం. నోటీసు లేకుండా షేర్లు వెనక్కి తీసుకుంటే బోర్డే ఇరుక్కుంటుంది.

మీ ముసాయిదాలో 'యాక్టివ్ సభ్యులకే ఓటు' అని పెట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అయితే యాక్టివ్ అంటే ఎంత సరుకు, ఎంత కాలం అన్నది బైలాలో తేలాలి. ఉదాహరణకు: "గత రెండు సీజన్లలో ఒకదానిలోనైనా తాను అమ్మిన మిర్చిలో నాలుగో వంతు కంపెనీ ద్వారా అమ్మి, తక్‌పట్టీ చూపిన సభ్యుడు." నల్లి తగిలి పంట పోయిన ఏడాదికి మినహాయింపు రాయడం మరవకండి. లేకపోతే నష్టపోయిన రైతే ఓటూ కోల్పోతాడు.

చైర్మన్ మాటే ఫైనల్ అంటే కుదరదు. కంపెనీ ఏర్పాటు, నిర్వహణ, వ్యాపారం గురించి సభ్యుల మధ్య గానీ, సభ్యుడికీ కంపెనీకీ మధ్య గానీ వచ్చే తగాదాలు 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కింద రాజీకో ఆర్బిట్రేషన్‌కో వెళ్లాలని కంపెనీల చట్టంలోని 378జెడ్‌ఓ సెక్షన్ చెబుతుంది. కంపెనీ డైరెక్టరే కంపెనీ తగాదాకు ఆర్బిట్రేటర్ కాలేడు, చైర్మనూ డైరెక్టరే కదా. ముందు 30 రోజులు ఊళ్లో రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఇరుపక్షాలు ఒప్పుకున్న బయటి వ్యక్తి, విచారణ హనుమకొండలో అని రాయండి.

ఇవన్నీ రిజిస్ట్రేషన్‌కు ముందే సరిచేయండి. తర్వాతైతే మార్పును ఎన్నికైన డైరెక్టర్లలో మూడింట రెండొంతుల మందో, సభ్యుల్లో మూడో వంతు, మీ లెక్కన 127 మందో ప్రతిపాదించాలి. బైలాలో అంతకన్నా ఎక్కువ రాసుకోకపోతే మీటింగ్‌కు నాలుగో వంతు సభ్యులు, అంటే కనీసం 95 మంది రావాలి. మిర్చి ఏరే రోజుల్లో అంతమందిని ఒకచోట కూర్చోబెట్టడం ఎంత కష్టమో మీకే తెలుసు.