చక్కెర పెరిగితే టీ ఎంత పెరగాలి? మా బాబాయి బండి లెక్క

ప్రశ్న: గిరాకీ, సరఫరా పుస్తకంలో చదివితే బుర్రకెక్కట్లేదు. చక్కెర ధర ఉన్నట్టుండి పెరిగితే రోడ్డు పక్కన టీ అమ్మేవాడికి ఏమవుతుందో కథలా ఎవరైనా చెప్తారా?

మా బాబాయిది టీ బండి. కాలేజీ రోజుల్లో సాయంత్రాలు ఆయన లెక్కలు నేనే రాసేవాణ్ణి కాబట్టి చూసిందే చెప్తాను. ధరలు ఊరికో రకం, ఏడాదికో రకం. అందుకని కప్పు టీ 10 రూపాయలు అనుకుందాం, మిగతావన్నీ దానికి తగ్గ పాళ్లలో గుండ్రంగా చెప్తాను.

రోజుకు 200 కప్పులు పోయేవి. పాలు, టీపొడి, గ్యాస్, చక్కెర అన్నీ కలిపి కప్పుకు 6 ఖర్చు, 4 మిగులు. అంటే రోజుకు 800. కప్పుకు 10 గ్రాముల చక్కెర పడుతుంది కాబట్టి కిలోకి వంద కప్పులు వస్తాయి. ఆ లెక్కన 6లో చక్కెర వాటా అర రూపాయి మాత్రమే. పెద్ద ఖర్చు ఎప్పుడూ పాలదే.

ఒక వారంలో చక్కెర ధర ఒకటిన్నర రెట్లయింది. బస్తా దింపిన మర్నాడే బాబాయి కప్పు 12 చేశాడు. "ఇంత పెరిగాక పాత ధరకి ఎలా ఇస్తాంరా?" అన్నాడు. ఆయన కంగారు నాకు అర్థమైంది. బస్తాకి ఒక్కసారే అంత డబ్బు కట్టినప్పుడు అది కప్పుల్లోకి ఎలా సర్దుకుంటుందో వెంటనే తట్టదు. కానీ కప్పులో అర ఉన్న చక్కెర ఖర్చు ముప్పావు అయింది, అంతే. పెరిగిన భారం పావు, పెంచిన ధర 2.

మొదటి రోజు తేడా తెలియలేదు. తాగాక డబ్బులిచ్చేవాళ్లు గొణుక్కుంటూ ఇచ్చి వెళ్లారు. నాలుగో రోజుకి సాయంత్రం పాలు మిగలడం మొదలైంది. చక్కెర మిగిలితే రేపు వాడుకోవచ్చు, పాలు అలా కాదు. అందుకే టీ బండికి బేరం తగ్గిందని ముందు చెప్పేది పాలగిన్నే. అమ్మకం 120కి పడింది. కప్పుకు మిగులు 4 నుంచి 5.75కి పెరిగినా రోజుకు 690 మాత్రమే వచ్చింది. ధర పెంచకుండా 3.75 మిగులుతో 200 కప్పులే అమ్మి ఉంటే 750 వచ్చేది. "కప్పు మీద ఎక్కువే మిగులుతోంది కదా, డబ్బులెటు పోతున్నాయి?" అని రెండుసార్లు అడిగాడు. కాగితం మీద గుణించి చూపించాకే నమ్మాడు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది, ఎవరు పోయారు, ఎవరు ఉన్నారన్నది. పొద్దున్నే హడావిడిగా వచ్చే డ్రైవర్లు ఒక్కరూ తగ్గలేదు. వాళ్లకి ఆ వేళప్పుడు ఇంకో బండి ఉండదు. మధ్యాహ్నం గుంపుగా వచ్చే ఆఫీసువాళ్లు మాత్రం కొంచెం ముందుకు నడిచి, ఇంకా 10కే ఇస్తున్న బండ్ల దగ్గర ఆగారు. కొందరు ఒక టీని ఇద్దరు పంచుకున్నారు. గిరాకీ అంటే ఒకే ముద్ద కాదని నాకు అక్కడే తెలిసింది. పక్కన ఇంకో దారి ఉన్నవాడు ధర పెరిగితే జారిపోతాడు, లేనివాడు ఉంటాడు.

తర్వాత మిగతా రెండు బండ్లవాళ్ల పాత చక్కెర నిల్వ అయిపోయింది. వాళ్లూ 11 చేశారు. బాబాయి 12 నుంచి 11కి దిగాడు. ఇప్పుడు పారిపోవడానికి చవక బండి లేదు. టీ మొత్తానికే మానేసినవాళ్లు పోగా 185 కప్పులు పోయాయి. కప్పుకు 4.75 చొప్పున దాదాపు 880. చక్కెర పెరగకముందు కంటే ఎక్కువ! ఇది వింతేమీ కాదు. ఒక్కడే ధర పెంచితే కొనేవాళ్లు పక్క బండికి పోతారు, అందరూ ఒకేసారి పెంచితే టీ మానేసేవాళ్లు కొద్దిమందే. ఆ ఒకేసారి అన్నది చక్కెర వల్ల కుదిరింది.

కొన్నాళ్లకు చక్కెర పాత ధరకి దిగింది. టీ మాత్రం 11 దగ్గరే ఉండిపోయింది. తగ్గించమని అడిగినవాళ్లు తక్కువ, తగ్గించాల్సిన అవసరం బండ్లవాళ్లకీ కనబడలేదు. ఆ మిగులు చూసే మూలమీద నాలుగో బండి వెలిసింది, 10కి. బాబాయి అమ్మకం 140కి జారింది. ఈసారి నన్నడగకుండానే 10కి దించి, పాలు కొన్ని లీటర్లు తగ్గించి పోయమన్నాడు. కప్పులు 165 దగ్గర నిలిచాయి, రోజుకు 660. కొనేవాళ్లు దాదాపు అంతే ఉన్నారు, పంచుకునే బండ్లే మూడు కాస్తా నాలుగయ్యాయి.