‘ఉండదలచింది’ దగ్గరే తప్పు జరిగింది

సందేహం: మా చెల్లెలి కూతురు తాను ఏసెక్సువల్ అంటోంది. సంబంధాలు చూస్తున్న బంధువులకు ఉత్తరం రాస్తూ ‘అమ్మాయి బ్రహ్మచారిణిగా ఉండదలచింది’ అన్నాను. ‘అది కాదు పెద్దమ్మా’ అంది. ఒడియా బడిలో చదివిన నాకు సరైన తెలుగు మాట తట్టడం లేదు. ఏమని రాయాలి?
— ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం: అమ్మాయి సరిగ్గానే పట్టుకుంది. మీ వాక్యంలో ‘బ్రహ్మచారిణి’ కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ‘దలచింది’. తలచుకోవడం మనిషి చేసే పని. బ్రహ్మచర్యానికి అది చక్కగా అతుకుతుంది. బ్రహ్మచర్యాన్ని పూనుతారు, పాటిస్తారు, ఒక్కోసారి తప్పుతారు, వద్దనుకుంటే విడిచిపెడతారు. మన శాస్త్రాలు కూడా చదువు ముగిశాక గృహస్థుడయ్యేవాణ్ని ఉపకుర్వాణుడని, జీవితాంతం అలాగే ఉండేవాణ్ని నైష్ఠికుడని వేరు చేశాయి. రెండూ నడవడికి సంబంధించినవే. కోరిక ఉన్నవాడు దాన్ని అదుపులో పెట్టుకుంటేనే అది వ్రతం.

ఏసెక్సువల్ అంటే ఎవరి పట్లా లైంగిక ఆకర్షణ కలగనివారు, లేదా చాలా అరుదుగా కలిగేవారు. దీన్ని చెప్పడానికి తెలుగు వ్యాకరణంలోనే మంచి ఏర్పాటు ఉంది. మన చేతిలో లేనివాటికి మనం ‘నేను’ అనం, ‘నాకు’ అంటాం: నాకు ఆకలి వేస్తోంది, నాకు నిద్ర వస్తోంది, నాకు భయం కలిగింది. ‘నేను బ్రహ్మచర్యం పాటిస్తున్నాను’, ‘నాకు లైంగిక ఆకర్షణ కలగదు’ అనే రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ‘నేను’కూ ‘నాకు’కూ మధ్య ఉన్న దూరమే బ్రహ్మచర్యానికీ దీనికీ మధ్య ఉన్న దూరం.

క్రియారూపం విషయంలోనూ జాగ్రత్త కావాలి. ‘కలగదు’ అంటే స్వభావం. ‘ఇంకా కలగలేదు’ అంటే రేపో మాపో కలుగుతుందని వినేవారు ఆశపడతారు. ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అనే మాట అక్కడే పుడుతుంది. ‘ఎన్నడూ కలగలేదు’ అంటే మళ్లీ వేరు. 2004లో ఆంథొనీ బోగార్ట్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 18,000 మందికి పైగా ఇచ్చిన సర్వే జవాబులు పరిశీలిస్తే, సుమారు 1 శాతం మంది ఎంచుకున్నది ఈ ‘ఎన్నడూ’ వాక్యాన్నే. మనసు బాగా దగ్గరయ్యాక మాత్రమే ఆకర్షణ కలిగేవారూ ఉన్నారు. వారిని డెమిసెక్సువల్ అంటున్నారు.

ఇక ప్రేమ సంగతి. ప్రేమ, కామం అని తెలుగులో రెండు మాటలు విడివిడిగా ఉండడం ఇక్కడ మనకు పనికొస్తుంది. ఏసెక్సువల్ వ్యక్తుల్లో చాలామందికి ప్రేమ కలుగుతుంది. తోడు కావాలనిపిస్తుంది, చేయి పట్టుకోవాలనిపిస్తుంది, ఒకరితో ఇల్లు కట్టుకుని ముసలితనం దాకా ఉండాలనిపిస్తుంది. కొందరికి ఆ రకం ప్రేమా కలగదు. వారికి స్నేహాలు, తోబుట్టువులే జీవితం. వారు ఏరొమాంటిక్‌లు. శారీరక సంబంధం పట్ల కొందరికి విముఖత, కొందరికి ఉదాసీనత. భాగస్వామి కోసమో బిడ్డ కోసమో ఇష్టపడి ఒప్పుకునేవారూ ఉన్నారు. కాబట్టి పెళ్లయి ఇద్దరు పిల్లలున్న స్త్రీ కూడా ఏసెక్సువల్ కావచ్చు, కానీ ఆమె బ్రహ్మచారిణి కాదు. వ్రతం పట్టిన సన్యాసికి ఆకర్షణ కలుగుతూ ఉండవచ్చు. ఆయన బ్రహ్మచారే, కానీ ఏసెక్సువల్ కాదు.

నామవాచకం కావాలంటే ‘అలైంగికత’ వాడేవారున్నారు. స్థితిని చెప్పడానికి అది చెల్లుతుంది. ‘అలైంగికురాలు’ అని మాత్రం రాయకండి. మన పాఠ్యపుస్తకాల్లో ‘అలైంగిక ప్రత్యుత్పత్తి’ అమీబాకు చెప్పిన మాట. పైగా ‘లింగం’ ఆడ మగ తేడాకూ పేరే కాబట్టి శరీరంలో ఏదో లోపమని అర్థం వస్తుంది. ‘నపుంసకత్వం’ అసలే కూడదు. అది చేతకాకపోవడం, ఇది కోరిక కలగకపోవడం. మీకు అలవాటైన ఒడియా ‘అభిఆడి’ పెళ్లి కాలేదని మాత్రమే చెబుతుంది. అంతకుముందు ఉన్న కోరిక హఠాత్తుగా తగ్గితే అది వేరే సంగతి. మందుల వల్లో హార్మోన్ల వల్లో కావచ్చు, వైద్యుణ్ని అడగాలి. మొదటినుంచీ ఇలాగే ఉండి, తన స్వభావం ఇదేనని చెప్పే మనిషికి జబ్బు పేరు పెట్టకూడదని అమెరికన్ మనోవైద్యులు రోగ నిర్ధారణకు వాడే 2013 నాటి గ్రంథం డీఎస్ఎమ్-5 కూడా స్పష్టంగా చెప్పింది.

ఉత్తరం తిరగరాసే ముందు రెండు విషయాలు అమ్మాయినే అడగండి: బంధువులకు ఇంత చెప్పడం తనకు ఇష్టమేనా, తోడు కావాలని తనకు ఉందా. ఇష్టం లేదంటే ‘ఇప్పుడు సంబంధాలు చూడవద్దు’ అన్న ముక్క చాలు. చెప్పమంటే, తోడు కావాలంటే ఇలా రాయవచ్చు: ‘అమ్మాయికి ఎవరి పట్లా లైంగిక ఆకర్షణ కలగదు. దీన్ని ఏసెక్సువల్ అంటారు. ఇది వ్రతమూ కాదు, జబ్బూ కాదు. తోడు కావాలని ఉంది. ఈ సంగతి ముందే తెలిసి ఒప్పుకునే మనిషైతేనే మాట్లాడుతుంది.’ తోడు వద్దంటే చివరి రెండు వాక్యాలు తీసేసి, ‘పెళ్లి చేసుకోదు’ అని రాయండి. ‘చేసుకోదలచలేదు’ అనకండి.